మేనేజర్ నుంచి డైరెక్టర్: లెర్నింగ్ గోల్స్‌లో అసలు ఏం రాయాలి?

శరత్‌మేఘం

అందరికీ నమస్కారం. వచ్చే క్వార్టర్ నుంచి నేను డైరెక్టర్‌గా వెళ్తున్నాను. ఇప్పటిదాకా ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌కి మేనేజర్‌ని. ఇకమీద నాలుగు టీమ్‌లు, నలుగురు మేనేజర్లు. నా పాత టీమ్‌ని మా సీనియర్ ఇంజనీర్ ఒకరు తీసుకుంటున్నారు.

మొదటి ఆరు నెలలకి లెర్నింగ్ గోల్స్ రాసి పంపమని మా బాస్ అడిగారు. నేను పంపినవి ఇవి:

1. వ్యూహాత్మకంగా ఆలోచించడం మెరుగుపరుచుకోవాలి.
2. మిగతా విభాగాల పెద్దలతో సంబంధాలు బలపరుచుకోవాలి.
3. ఫైనాన్స్ మీద ఒక కోర్సు పూర్తి చేయాలి.
4. నాలుగు టీమ్‌ల రిలీజ్ ఆలస్యాలను సగానికి తగ్గించాలి.

ఆవిడ ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు: "ఆరు నెలల తర్వాత మీరు మారారో లేదో ఇవి చూసి నేనెలా చెప్పగలను?" ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు ఎలా రాయాలో తెలియడం లేదు.

కొంచెం నేపథ్యం చెప్తాను. కస్టమర్లకి తేదీలు మాటిచ్చేది సేల్స్. ఏ పని ముందు, ఏది తర్వాత అని తేల్చేది ప్రాడక్ట్. ఆ ఇద్దరు హెడ్‌లూ నా స్థాయి వాళ్లే, నాకు రిపోర్ట్ చేయరు. ఇన్నాళ్లూ ఏదైనా తేదీ తప్పేలా ఉంటే నేనే కూర్చుని, రాత్రి పొద్దుపోయినా సరే, పని తెమిల్చేవాడిని. నాలుగు టీమ్‌లతో అది కుదరదని తెలుసు. చేతులతో చేయడం మానేసి, చెప్పి ఒప్పించి చేయించడం ఎలా నేర్చుకోవాలి? దాన్ని గోల్‌గా ఎలా రాయాలి?

---

వేగుచుక్క

కంగ్రాట్స్ శరత్ గారూ. 70-20-10 సూత్రం పట్టుకోండి. నేర్చుకునేదాంట్లో 70 శాతం పని చేస్తూ, 20 శాతం మనుషుల దగ్గర, 10 శాతం కోర్సుల్లో. ఇది శాస్త్రీయంగా రుజువైన నిష్పత్తి. మీ లిస్టులో కోర్సు ఉంది. ఒక మెంటర్‌ని, రెండు ప్రాజెక్టులని చేర్చి ఆ నిష్పత్తికి సరిపోయేలా పంచండి. బాస్ కాదనరు.

---

గోరింట

నాదీ దాదాపు ఇదే ప్రశ్న. నేను మేనేజర్‌గా చాలా ఏళ్లుగా ఉన్నాను, డైరెక్టర్ ప్రమోషన్ రెండు సార్లు తప్పింది. గోల్స్ ఎలా రాస్తే ప్రమోషన్ వస్తుంది? శరత్ గారూ, మీరు ఇంటర్వ్యూలో ఏం చెప్పారో రాస్తారా?

---

నిదానంగా

గోరింట గారూ, మీ ప్రశ్న వేరు. ప్రమోషన్ ఇచ్చే కమిటీ ఏం చూస్తుందన్నది దీనితో కలిపితే రెండూ తేలవు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, నాకు తెలిసింది అక్కడ రాస్తాను.

శరత్ గారూ, మీ నాలుగో గోల్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మీకు బాగా గట్టిగా కనిపించేది అదే అయ్యుంటుంది. అంకె ఉంది, గడువు ఉంది. కానీ అది లెర్నింగ్ గోల్ కాదు, ఫలితం గోల్. ఎలా చేయాలో తెలిసిన పనికి ఫలితం గోల్ బాగా పనిచేస్తుంది. ఇంకా తెలియని పనికి అదే ఎదురు తిరుగుతుంది.

దీని మీద పరిశోధన ఉంది. 1989లో రూత్ కాన్ఫర్, ఫిలిప్ ఆకర్‌మన్ అనే ఇద్దరు అమెరికా వైమానిక దళంలో శిక్షణ పొందుతున్న వాళ్లకి కంప్యూటర్ మీద ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ లాంటి పని ఇచ్చి చూశారు. పని ఇంకా అర్థమవుతున్న తొలి దశలోనే కష్టమైన టార్గెట్ పెడితే అది మేలు చేయకపోగా అడ్డమైంది. టార్గెట్ అందుతోందా లేదా అని చూసుకోవడానికే బుర్రలో సగం పోతుంది, పని నేర్చుకోవడానికి చోటు మిగలదు. పని చేతికి వచ్చాక పెట్టిన టార్గెట్ మాత్రం ఉపయోగపడింది. 2004లో సైట్స్, లేథమ్ వాళ్ల బృందం ఒక వ్యాపార సిమ్యులేషన్‌లో ఇంకో కోణం చూసింది. "ఇంత మార్కెట్ వాటా తెండి" అన్న వాళ్లకంటే, "వాటా పెంచే పద్ధతులు కనీసం ఆరు కనిపెట్టి అమలు చేయండి" అన్న వాళ్లే ఎక్కువ వాటా తెచ్చారు.

మీ విషయంలో ఇది ఎలా జరుగుతుందో ఊహించండి. ఆలస్యాలు సగానికి తగ్గాలని ఫారంలో ఉంది. రెండో నెలలో ఒక టీమ్ తేదీ తప్పేలా ఉంటుంది. మీకు బాగా తెలిసిన మార్గం ఒక్కటే, వెళ్లి కూర్చుని తెమల్చడం. తెమల్చేస్తారు కూడా. గోల్ నెరవేరుతుంది, మీరు మాత్రం మేనేజర్‌గానే ఉండిపోతారు, పైగా ఆ టీమ్ మేనేజర్‌కి చేయి అడ్డం పెట్టిన వారవుతారు. ఏది వదిలేయాలో సరిగ్గా దాన్నే ఆ గోల్ మెచ్చుకుంటుంది. ఆలస్యాల అంకె మీ టీమ్‌ల పనితీరు లెక్కలో ఉండాల్సిందే, తీసేయమనడం లేదు. నేర్చుకునే కాలమ్‌లో మాత్రం వద్దు.

మొదటి రెండింటి లోపం ఇంకో రకం. "సంబంధాలు బలపరుచుకోవాలి" అంటే దేనికోసం? పని లేని సంబంధం కాఫీ మీటింగుల లెక్కగా తేలుతుంది.

వేగుచుక్క గారూ, ఆ 70-20-10 కొలిచి తేల్చిన నిష్పత్తి కాదు. విజయవంతమైన ఎగ్జిక్యూటివ్‌లను "మీకు బాగా నేర్పినవేవి" అని అడిగితే, వాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పిన వాటి నుంచి వచ్చింది. పనిలోనే ఎక్కువ నేర్చుకుంటాం అన్న దిశ నిజం. ఆ అంకెలకు సరిపడా గోల్స్ పంచడం మాత్రం ఎవరికీ ఏమీ నేర్పదు. ఏ పనిలో, ఏం నేర్చుకుంటూ అన్నది తేలాలి.

అందుకే శరత్ గారికి ఒక ప్రశ్న. రాబోయే ఆరు నెలల్లో మీ టీమ్‌ల ఫలితం బాగా ఆధారపడి ఉండి, మీ సంతకంతో తేలని నిర్ణయం ఏది? ఒక్కటి చెప్పండి.

---

శరత్‌మేఘం

ఆలోచించక్కర్లేదు, వెంటనే చెప్తాను. ప్రతి క్వార్టర్ మొదట్లో కెపాసిటీ పంపకం మీటింగ్ ఉంటుంది. ఎంతమంది ఏ పని మీద ఉండాలో అక్కడే తేలుతుంది. పాత కోడ్‌ని బాగుచేయడానికి 20 శాతం మనుషుల్ని పక్కన పెట్టాలని ఇంజనీరింగ్ తరఫున ప్రతిసారీ అడుగుతాం. ప్రాడక్ట్ హెడ్ "చూద్దాం" అంటారు. సేల్స్ హెడ్ ఏదో పెద్ద కస్టమర్ పేరు చెప్తారు. చివరికి 5 శాతం మిగులుతుంది, అది కూడా క్వార్టర్ మధ్యలో ఎగిరిపోతుంది. మా ఆలస్యాల్లో చాలావాటికి మూలం ఆ పాత కోడే. ఇకమీద ఆ మీటింగ్‌లో ఇంజనీరింగ్ తరఫున కూర్చునేది నేనే.

---

నిదానంగా

ఇది చాలు. రెండు క్వార్టర్లు అంటే ఈ మీటింగ్ మీకు రెండు సార్లు వస్తుంది. నేర్చుకోవడానికి చక్కటి అవకాశం, మొదటిసారి చూసింది రెండోసారి వాడొచ్చు.

గోల్ "20 శాతం సాధించాలి" అని రాయకండి. అది మళ్లీ ఫలితమే, పైగా అందులో మీ చేతిలో లేనివి చాలా ఉన్నాయి. ఇలా రాయండి: "నాకు అధికారం లేని నిర్ణయంలో ఎదుటివాళ్లు దేన్ని చూసి అవునంటారో, దేన్ని చూసి కాదంటారో ముందే తెలుసుకోవడం నేర్చుకుంటాను."

ఇది కూడా గాల్లో ఉన్నట్టే అనిపిస్తుంది. దాన్ని నేలకి దించేది ఒక చిన్న అలవాటు. మీటింగ్‌కి రెండు వారాల ముందు ఒక పేజీ తీసుకుని, ఒక్కొక్కరి పేరు కింద మూడు వాక్యాలు రాయండి. ఈ క్వార్టర్‌లో ఈయన్ని దేని మీద కొలుస్తున్నారు? నా ప్రతిపాదన వల్ల ఈయనకి పోయేదేమిటి? మీటింగ్‌లో ఈయన ముందుగా లేవనెత్తే అభ్యంతరం ఏమిటి? తేదీ వేసి పక్కన పెట్టండి. తర్వాత ఇద్దరినీ విడివిడిగా కలవండి. మీ ప్రతిపాదన అమ్మడానికి కాదు, ఆ మూడు ఊహలు సరిచూసుకోవడానికి. "20 శాతం కావాలి" అని మొదలుపెట్టకండి. "పోయిన క్వార్టర్‌లో మీరు మాటిచ్చిన తేదీల్లో మా వల్ల మీకు బాగా ఇబ్బంది పెట్టినవేవి?" అని అడగండి. కలిశాక ఊహలు దిద్దుకుని మళ్లీ రాయండి. మీటింగ్ అయ్యాక నిజంగా ఏం జరిగిందో పక్కన రాయండి.

మీ బాస్ అడిగింది సరిగ్గా ఇదే. మొదటి పేజీలో ఊహలకీ వాస్తవానికీ మధ్య ఎంత దూరం, రెండో క్వార్టర్ పేజీలో ఎంత దూరం? ఆ రెండు పేజీలు పక్కపక్కన పెడితే మీరు మారారో లేదో ఆవిడకి కనిపిస్తుంది. 20 శాతం వచ్చినా రాకపోయినా కనిపిస్తుంది.

నేను కొత్త డైరెక్టర్లతో ఈ పని చేయించినప్పుడు తరచూ చూసేది ఏంటంటే, మొదటి పేజీలో మూడో ప్రశ్నకి జవాబు దాదాపు సరిగ్గానే ఉంటుంది, రెండోది తప్పుతుంది. ఎదుటివాళ్లు పైకి ఏమంటారో అందరికీ తెలుసు. వాళ్లకి లోపల ఏం పోతుందో తెలియదు. ఉదాహరణకి మీ సేల్స్ హెడ్ భయం ఫీచర్ తగ్గుతుందని కాకపోవచ్చు. ఇప్పటికే ఒక కస్టమర్‌కి ఇచ్చిన మాట విషయంలో ఎవరిముందో తలదించుకోవాల్సి వస్తుందని కావచ్చు. అది తెలిస్తే ప్రతిపాదన ఆకారమే మారుతుంది. 20 శాతం గురించి మాట్లాడటం ఆపి, ఏ మూడు తేదీలు ఎట్టి పరిస్థితిలో తప్పవని మీరు హామీ ఇవ్వగలరో మాట్లాడతారు.

---

వేగుచుక్క

నిష్పత్తి గురించి చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఇంత మెత్తగా పోతే పని కాదండీ. పెద్ద కంపెనీలో పద్ధతి వేరు. ముందు బాస్‌నీ, ఫైనాన్స్ హెడ్‌నీ మీ వైపు తెచ్చుకోండి. ఇంకో ఇద్దరు డైరెక్టర్ల చేత సరే అనిపించండి. అందరినీ కాపీలో పెట్టి మెయిల్ పంపండి. మీటింగ్‌కి వచ్చేసరికి సేల్స్ హెడ్‌కి కాదనే చోటు ఉండదు. ఇన్‌ఫ్లుయెన్స్ అంటే ఇదే.

---

నిదానంగా

ఒక భాగం నిజం. మీటింగ్‌కి ముందే పని జరగాలి, మీటింగ్‌లో ఎవరికీ ఆశ్చర్యం ఉండకూడదు. ఫైనాన్స్ హెడ్‌ని కలవడం కూడా మంచిదే. తేడా దేనికోసం కలుస్తున్నాం అన్నదాంట్లో ఉంది. మనుషుల్ని పోగేసి ఒకరి మీదికి నెట్టడం బలహీనమైన ఎత్తుగడ. గ్యారీ యూక్ల్, బ్రూస్ ట్రేసీ 1992లో మేనేజర్లు వాడే పద్ధతులను పోల్చి చూశారు. కారణాలు చూపి వివరించడం, ఎదుటివాళ్ల విలువలకి తగిలేలా మాట్లాడటం, ప్రణాళికలోనే వాళ్లని కలుపుకుని సలహా అడగడం బాగా పనిచేశాయి. ఒత్తిడి పెట్టడం, మద్దతుదారుల్ని కూడగట్టడం, "ఇది రూల్" అనడం అడుగున నిలిచాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. సేల్స్ హెడ్ ఆ రోజు సరే అంటారు. నాలుగో వారంలో పెద్ద కస్టమర్ ఫోన్ చేస్తే, మనసులో ఒప్పుకోని ఆ 20 శాతం నుంచే ముందుగా మనుషుల్ని లాగుతారు. శరత్ గారు చెప్పిన "క్వార్టర్ మధ్యలో ఎగిరిపోతుంది" అదే కదా. ఒప్పుకోలు ఒకటి, నోటితో సరే అనడం ఇంకొకటి. ఏది దొరికిందో మీటింగ్‌లో తెలియదు, ఆరో వారంలో తెలుస్తుంది. అందుకే ఆ పేజీలో ఇంకో వరుస చేర్చండి: ఆరో వారంలో ఒప్పందం నిలిచి ఉందా? మొదట కదిపింది ఎవరు? కదిపే ముందు నాకు చెప్పారా? చెప్పి కదిపితే అది కూడా కొంత ముందడుగే.

---

ఉలిదెబ్బ

మా రంగం వేరు, ఫ్యాక్టరీ. ప్లాంట్ మేనేజర్ నుంచి ఆపరేషన్స్ డైరెక్టర్ అయ్యాను. కొనుగోళ్ల విభాగం నా చేతిలో లేదు, కానీ ముడిసరుకు ఆలస్యమైతే మాట పడేది నేనే. నిదానంగా గారు చెప్పిన పేజీ పద్ధతి నాకు బాగా నచ్చింది.

నా ఇబ్బంది మాత్రం వేరే వైపు నుంచి. మా బాస్ రివ్యూలో కూర్చుని, మూడో లైన్ ఎందుకు ఆగింది, ఏ బేరింగ్, ఎప్పుడు మార్చారు అని నన్నే అడుగుతారు. తెలియదంటే ముఖం మారుతుంది. అందుకని ప్రతి రివ్యూకి ముందు ప్లాంట్ మేనేజర్ల దగ్గర కూర్చుని అన్నీ తెలుసుకుంటాను. తెలుసుకున్నాక ఊరుకోలేను కదా, ఇది ఇలా చేయండి అని చెప్పేస్తాను. వదిలేయమని అందరూ అంటారు. పైవాడు వదలనివ్వకపోతే? ఆ టెన్షన్ ఎలా తగ్గించుకోవాలి?

---

తంగేడు

ఉలిదెబ్బ గారూ, నేను ఉద్యోగుల శిక్షణ విభాగంలో పనిచేస్తాను. ఇలాంటి ఫారాలు ఏటా చాలా చదువుతాను. మీరు చెప్పింది వాటిలో దాదాపు ఎప్పుడూ కనిపించదు, అసలు అడ్డం అక్కడే ఉన్నా సరే. మారాల్సింది కొత్త డైరెక్టర్ ఒక్కరే అన్నట్టు గోల్స్ రాస్తారు. ఆయన మారడం వల్ల పైవాళ్లకీ కిందివాళ్లకీ అందే సమాచారం మారుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

బాస్‌తో ఒకసారి కూర్చుని రెండు విషయాలు తేల్చుకోండి. ఏ వివరాలు నా నోటి నుంచే రావాలి, ఏవి నా మేనేజర్ల నుంచి రావచ్చు? నేను వదిలేసే ఈ కొన్ని నెలల్లో ఎంత తడబాటు మీకు ఫరవాలేదు? రెండో ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. కానీ ఒక మేనేజర్ కొత్తగా నిర్ణయాలు తీసుకుంటుంటే కొన్ని మీకంటే నెమ్మదిగా జరుగుతాయి, కొన్ని చెడిపోతాయి. ఆ సంగతి బాస్‌కి ముందే తెలియకపోతే మొదటి ఆలస్యానికే మిమ్మల్ని పాత పనిలోకి లాగుతారు. భద్రత, చట్టం, పెద్ద మొత్తాల ఖర్చు లాంటి వాటిలో తడబాటు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. మిగతావాటిలో ఎంతవరకు అని మాట రూపంలో ఉండాలి.

రివ్యూకి సంబంధిత ప్లాంట్ మేనేజర్‌ని తీసుకెళ్లండి. బేరింగ్ ప్రశ్న వస్తే ఆయన చెప్తారు. మీరు చెప్పాల్సింది, మిగతా ప్లాంట్లలోనూ అదే రకం ఆగడం కనిపిస్తోందా, కొనుగోళ్ల వాళ్లతో దాని మీద ఏం మాట్లాడాం అన్నది. మొదటి రెండు రివ్యూలు ఇబ్బందిగానే ఉంటాయి.

శరత్ గారికి కూడా ఒక మాట. నలుగురు మేనేజర్లతో కూర్చుని నిర్ణయాలను మూడు కుప్పలు చేయండి. మీరే తేల్చేవి, వాళ్లు తేల్చి మీకు చెప్పేవి, వాళ్లు తేల్చి మీకు చెప్పక్కర్లేనివి. మూడో కుప్పలో ఏమీ లేకపోతే మీరు ఏదీ వదల్లేదన్నమాట. తర్వాత రెండు నెలలు మీ దగ్గరికి వచ్చిన ప్రశ్నలన్నీ ఒక చోట రాసుకోండి. మూడో కుప్పకి చెందిన ప్రశ్న మీ దగ్గరికి వచ్చినప్పుడు మీరు జవాబు చెప్పారా, తిప్పి పంపారా? ఆ లెక్క నేర్చుకోవడానికి సంబంధించినది, ఎందుకంటే అది మీ ప్రవర్తనని చూపిస్తుంది.

---

లోతుబావి

నాకు ఈ చర్చ మొత్తం మీద ఒక అభ్యంతరం ఉంది. నేను ఇంజనీర్‌ని, డైరెక్టర్ల కింద చాలా కాలం పనిచేశాను. "నేను వివరాల్లోకి వెళ్లను" అనే డైరెక్టర్ సేల్స్ ముందు మా తరఫున ఏం వాదిస్తాడు? ప్రాడక్ట్ హెడ్ "ఆ పాత కోడ్ ఇంకో ఏడాది లాగుతుంది కదా" అంటే, లాగదు అని కారణంతో చెప్పగలిగినవాడి మాటే నిలుస్తుంది. ఒప్పించే బలం పని తెలియడం నుంచే వస్తుంది. మీరందరూ కలిసి శరత్ గారికి ఉన్న ఒక్క ఆస్తినీ వదిలేయమంటున్నారు. రెండేళ్ల తర్వాత ఆయనకి మీటింగులు తప్ప ఏమీ తెలియదు.

---

నిదానంగా

మీ మాటలో చాలా భాగంతో నాకు పేచీ లేదు. పని తెలియని డైరెక్టర్‌ని నేనూ చూశాను, ఎదుటివాళ్లు రెండు ప్రశ్నలకే కనిపెట్టేస్తారు. నేను వదలమన్నది తెలుసుకోవడాన్ని కాదు, లాక్కోవడాన్ని. ఒక క్వార్టర్‌కి ఒక విషయం ఎంచుకుని అడుగుదాకా వెళ్లొచ్చు. కోడ్ చదవొచ్చు, ఇంజనీర్ పక్కన కూర్చుని ఎందుకిలా అని అడగొచ్చు. ముందే ఆ మేనేజర్‌కి "నేను అర్థం చేసుకోవడానికి వస్తున్నాను, నిర్ణయం మీదే" అని చెప్పి వెళ్లాలి. బయటికి వచ్చాక నిర్ణయం నిజంగా ఆయన దగ్గరే ఉందా అన్నది పరీక్ష.

శరత్ గారికి దీనిలో ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. నాలుగు టీమ్‌ల్లో ఒకటి ఆయన పాత టీమ్. అక్కడికి వెళ్లడం తేలిక, మనుషులు తెలుసు, కోడ్ తెలుసు. అందుకే మొదటి లోతు పరిశీలన ఆయనకి బాగా తెలియని టీమ్‌లో పెట్టుకోవాలి. పాత టీమ్‌లో కొత్త మేనేజర్ కుదురుకునేదాకా అటు వెళ్లకపోవడమే మంచిది.

---

లోతుబావి

పాత టీమ్ సంగతి ఒప్పుకుంటాను. మిగతాది చెప్పినంత తేలిక కాదు. డైరెక్టర్ పక్కన కూర్చుని "ఎందుకిలా" అని అడిగితే ఇంజనీర్‌కి అది ప్రశ్నలా వినిపించదు, మార్చమన్నట్టు వినిపిస్తుంది. నిర్ణయం మీదే అని ఎంత చెప్పినా సరే. మర్నాడు కోడ్ మారిపోతుంది.

---

తంగేడు

ఇది నిజంగా జరుగుతుంది. పూర్తి మందు నాకూ తెలియదు. కొంత పనిచేసేది ఒకటుంది: అడిగిన వారం తర్వాత ఆ మేనేజర్‌ని "నేను వచ్చి వెళ్లాక ఏం మార్చారు, ఎందుకు" అని అడగడం. "మీరు అడిగారని" అనే జవాబు వస్తే దాన్ని వెనక్కి తిప్పమనడం. కొన్నిసార్లు ఇలా చేస్తే టీమ్‌కి నమ్మకం కుదురుతుంది.

ఇంకో గుర్తు కూడా చూసుకోవాలి. ఎస్కలేషన్లు ఒక్కసారిగా తగ్గితే సంతోషించకండి. మేనేజర్లు సొంతంగా తేల్చుకుంటున్నారా, చెడ్డ వార్తలు దాస్తున్నారా అన్నది పైనుంచి చూస్తే ఒకేలా కనిపిస్తుంది. నెలకోసారి మేనేజర్ల కింద ఉన్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. వాళ్లకి తెలిసిన పెద్ద సమస్య మీకు అప్పటికే మేనేజర్ ద్వారా తెలిసి ఉంటే మొదటిది, తెలియకపోతే రెండోది.

---

శరత్‌మేఘం

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ చదివి మళ్లీ రాశాను. నాలుగు కాస్తా రెండయ్యాయి. చూసి చెప్పండి.

మొదటిది. నాకు అధికారం లేని నిర్ణయాల్లో ఎదుటివాళ్ల లెక్క ముందే తెలుసుకోవడం నేర్చుకుంటాను. పని: రెండు క్వార్టర్ల కెపాసిటీ పంపకం. ప్రతి మీటింగ్‌కి రెండు వారాల ముందు సేల్స్, ప్రాడక్ట్, ఫైనాన్స్ హెడ్‌ల గురించి ఊహలు రాస్తాను, విడివిడిగా కలిసి సరిచూసుకుంటాను, మీటింగ్ అయ్యాక ఒకసారి, ఆరో వారంలో ఒకసారి నిజంతో పోలుస్తాను. వాళ్లతో మాట్లాడటంలో కనీసం నాలుగు వేర్వేరు దారులు ప్రయత్నించి, ఏది ఎవరి దగ్గర పనిచేసిందో రాస్తాను. రెండు పేజీలూ బాస్‌కి చూపిస్తాను.

రెండోది. మేనేజర్లు తేల్చాల్సిన నిర్ణయాన్ని వాళ్ల దగ్గరే ఉంచడం నేర్చుకుంటాను. మొదటి నెలలో మూడు కుప్పల జాబితా నలుగురితో కలిసి తయారు చేస్తాను. నా దగ్గరికి వచ్చిన ప్రశ్నల్లో మూడో కుప్పవి ఎన్నింటికి నేనే జవాబిచ్చానో రాసుకుంటాను. నెలకోసారి కింది వాళ్లతో మాట్లాడి, నాకు తెలియని సమస్యలు ఉన్నాయేమో చూస్తాను. ఎంత తడబాటు ఫరవాలేదో బాస్‌తో ముందే మాట్లాడతాను.

ఫైనాన్స్ కోర్సు తీసేశాను. దాని బదులు మొదటి మీటింగ్‌కి ముందు ఫైనాన్స్ హెడ్ దగ్గర ఒక గంట కూర్చుని, పాత కోడ్ మీద పెట్టే ఖర్చు వాళ్ల లెక్కల్లో ఎక్కడ కనిపిస్తుందో చూపించమని అడుగుతాను.

---

నిదానంగా

బాగుంది. రెండు చిన్న మార్పులు చెప్తాను.

మొదటి గోల్‌లో పేజీలు బాస్‌కి చూపిస్తానన్నారు. సేల్స్ హెడ్‌కి ఏం పోతుందో మీరు రాసుకున్నది ఎవరి చేతికైనా వెళ్తే ఆ సంబంధం అక్కడితో సరి. బాస్‌కి నోటితో చెప్పండి, లేదా పేర్లు లేకుండా చూపించండి. పేజీ మీ దగ్గరే ఉండాలి. రాసేటప్పుడు కూడా ఆయన చదివినా నొచ్చుకోని మాటల్లోనే రాయండి. "ఆయనకి ఫలానా కస్టమర్‌కి మాట నిలబెట్టుకోవాలని ఉంది" అని రాయడం వేరు, "మొండివాడు" అని రాయడం వేరు. రెండోది రాసుకుంటే మీకు కూడా ఏమీ నేర్పదు.

రెండో గోల్‌లో లెక్క మీ ఒక్కరి చేతిలో పెట్టుకోకండి. జవాబిచ్చేటప్పుడు మనకి అది జవాబిచ్చినట్టు అనిపించదు, సాయం చేసినట్టు అనిపిస్తుంది. నలుగురిలో ఒక మేనేజర్‌ని నెలాఖరున అడగండి: "మీరు తేల్చాల్సింది నేను తేల్చిన సందర్భం ఈ నెలలో ఏదైనా ఉందా?" ప్రతి నెలా వేర్వేరు మనిషిని.

---

వేగుచుక్క

ఆ ప్రశ్నకి కొత్త మేనేజర్ నిజం చెప్తాడంటారా? మొదటి నెలలో తన డైరెక్టర్ ముఖం మీద?

---

నిదానంగా

మొదటి నెలలో చెప్పకపోవచ్చు, ఆ ప్రశ్న బాగుంది. అందుకే ముందు పాత అనుభవం ఉన్న మేనేజర్‌ని అడగమంటాను, కొత్తవాళ్లని తర్వాత. మొదటి జవాబు వచ్చాక శరత్ గారు ఏం చేశారన్నది మిగతా ముగ్గురూ చూస్తారు. ఆ నిర్ణయాన్ని తిరిగి అప్పగించి, అందరి ముందు ఆ మాట చెప్తే రెండో నెల జవాబు వేరేగా ఉంటుంది.

---

ఉలిదెబ్బ

నేను బాస్‌తో మాట్లాడాను. ఏ వివరాలు ఎవరి నోటి నుంచి అన్నది తేలింది, వచ్చే రివ్యూకి ఇద్దరు ప్లాంట్ మేనేజర్లు వస్తున్నారు. తడబాటు ఎంత ఫరవాలేదు అన్నదానికి మాత్రం "ఏమీ వద్దు" అన్నారు. తంగేడు గారూ, అప్పుడేం చేయాలి?

---

తంగేడు

ఆ ప్రశ్నని అంకెగా కాకుండా ఒక నిర్ణయంగా మార్చి అడగండి. ఉదాహరణకి మెయింటెనెన్స్ షెడ్యూల్ ఒక్కటే, ఒక్క ప్లాంట్‌లో, ఒక్క క్వార్టర్ పాటు ప్లాంట్ మేనేజర్ తేలుస్తారు, నేను కలగజేసుకోను, ఫలానా గీత దాటితే మాత్రం వెంటనే వస్తాను అని. గీత ఏదో ఆయన్నే గీయమనండి. మొత్తంగా అడిగితే ఎవరైనా "ఏమీ వద్దు" అనే అంటారు. దానికి కూడా కాదంటే, మీ బాస్ మిమ్మల్ని ఇంకా ప్లాంట్ మేనేజర్‌గానే చూస్తున్నారన్నమాట. అప్పుడు ఆయనతో మాట్లాడాల్సింది లెర్నింగ్ గోల్స్ గురించి కాదు, మీ ఉద్యోగం ఏమిటన్నదాని గురించి.